చీర ఒకటే, ఎరుపులు మూడు

234, 51, 35. తెర మీద ఒక చుక్కకు ఈ మూడు అంకెలు ఇస్తే ఎరుపు వస్తుంది. 255, 0, 0 ఇచ్చినా ఎరుపే వస్తుంది. మొదటిది కాస్త నారింజ వైపు మొగ్గిన ఎరుపు, రెండోది నిఖార్సైన ఎరుపు అని అంకెలు చూసి ఎవరైనా అంటారు. అది నిజం కావాలనేం లేదు. మొదటి మూడూ ఐఫోన్ రాసుకునే పద్ధతిలోవి, రెండో మూడూ మామూలు కంప్యూటర్ పద్ధతిలోవి అయితే, ఆ రెండూ కంటికి తేడా తెలియని ఒకే ఎరుపు. ఫోన్లో నిగనిగలాడిన ఫొటో ల్యాప్‌టాప్‌లో వెలిసినట్టు, కాగితం మీద మసిబారినట్టు కనిపించడానికి ఉన్న కారణాల్లో సగం ఈ చిన్న విషయంలోనే దాగి ఉన్నాయి. మిగతా సగం కాగితానికీ, దాని మీద పడే వెలుగుకీ సంబంధించినవి.

ధర్మవరంలో ఒక పట్టుచీరల దుకాణం ఉందనుకుందాం. కొత్తగా నేయించిన చీర ఒకటి వచ్చింది. ఒంటి రంగు మిరపపండు ఎరుపు, అంచు ఆనంద నీలం, జరీ కొంగు. దుకాణదారు ఐఫోన్‌తో ఫొటో తీసి డాలస్‌లో ఉన్న కొనుగోలుదారుకు పంపాడు. అదే ఫొటోని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, దసరా కేటలాగులో పెట్టి అచ్చుకిచ్చాడు. ఫోన్లో చీర బంగారంలా ఉంది. ల్యాప్‌టాప్‌లో ఎరుపు ఇటుక రంగుకి తిరిగింది. అచ్చయి వచ్చిన కేటలాగులో నీలం అంచు వంకాయ రంగులో ఉంది, జరీ ఆవపిండి రంగులో ఉంది. ఇలాంటప్పుడు తిట్లు ప్రెస్సువాడికి పడతాయి. కొన్నిసార్లు న్యాయంగానే పడతాయి గానీ, ఎక్కువసార్లు తప్పు దారిలో ఇంకెక్కడో జరిగి ఉంటుంది. ఎక్కడ జరిగిందో కనిపెట్టొచ్చు కూడా.

డిజిటల్ ఫొటో అంటే సన్నని చుక్కల గళ్ళు. ఒక్కో చుక్కకీ మూడు అంకెలుంటాయి. ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అని. సున్నా అంటే వెలగొద్దు, 255 అంటే నీకు చేతనైనంత వెలుగు అని తెరకు ఆజ్ఞ. ఆ 'చేతనైనంత' దగ్గరే తిరకాసు. ఒక తెరలో ఎర్ర దీపం చిక్కటి ఎరుపు ఇస్తుంది, ఇంకో తెరలో అది కాస్త పలచన. ఇద్దరికీ 255 అని చెబితే ఎవరి స్తోమతకు తగ్గట్టు వాళ్ళు వెలుగుతారు. పూలమ్మి దగ్గర నాలుగు మూరల మల్లెపూలు కొంటే ఎంత దండ వస్తుందన్నది ఆవిడ చెయ్యి పొడుగును బట్టి ఉంటుంది కదా. నాలుగు ఎక్కడైనా నాలుగే, మూరే మారుతుంది. ఫొటోలోని అంకెలు ఎవరి మూరతో కొలిచినవో చెప్పే చీటీ పేరే కలర్ ప్రొఫైల్.

ఈ చీటీ ఫొటో ఫైలులోనే ఒక మూల ఉంటుంది. మూడు నాలుగు మెగాబైట్ల ఐఫోన్ ఫొటోలో దీని వాటా అర కిలోబైటు చిల్లర. అందులో ప్రధానంగా ఉండేవి మూడు సంగతులు. ఈ ఫైలు దృష్టిలో పూర్తి ఎరుపు, పూర్తి ఆకుపచ్చ, పూర్తి నీలం అంటే కచ్చితంగా ఏవి. తెలుపు అంటే ఏ తెలుపు, కాస్త పసుపు వైపుదా, కాస్త నీలం వైపుదా. అంకె పెరిగేకొద్దీ వెలుగు ఏ వంపుతో పెరుగుతుంది. ఈ మూడూ తెలిస్తే చాలు, అంకెల వెనక ఉన్న అసలు రంగు తేలిపోతుంది.

అయితే 'కచ్చితంగా' అనాలంటే ఎవరి చేతికీ చెందని కొలత ఒకటి కావాలి. దాన్ని 1931లో సీఐఈ అనే అంతర్జాతీయ సంఘం ఖాయం చేసింది. దాని వెనక ఉన్నవి ఇంగ్లండులో 1920ల్లో జరిగిన రెండు వరసల ప్రయోగాలు. డేవిడ్ రైట్ పది మందిని, జాన్ గిల్డ్ ఏడుగురిని కూర్చోబెట్టి, ఒక రంగు వెలుగు చూపించి, ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులు ఎంతెంత కలిపితే దానికి సరిసమానంగా కనిపిస్తుందో వాళ్ళ చేతే సరిచూయించారు. ఇవాళ మీ ఫోన్లో, టీవీలో, ప్రెస్సులో రంగుని కొలిచే లెక్కలన్నీ ఆ 17 మంది కళ్ళ మీద నిలబడి ఉన్నాయి. ఆ కొలతనే 1976లో కొంచెం సవరించి ల్యాబ్ అనే పద్ధతి చేశారు. ఇందులోనూ మూడు అంకెలే. వెలుగు ఎంత, ఎరుపు వైపా ఆకుపచ్చ వైపా, పసుపు వైపా నీలం వైపా. తేడా ఏమిటంటే ఇవి ఏ యంత్రానికీ చెందిన అంకెలు కావు, చూసే కంటికి చెందినవి. మన 255, 0, 0 ఎరుపు ల్యాబ్‌లో సుమారు 54, 81, 70. ఐఫోన్ వారి 234, 51, 35 కూడా సుమారు 54, 81, 70 దగ్గరే తేలుతుంది. రెండూ ఒకటే అని మొదట్లో అన్నది ఈ లెక్కతోనే.

1993లో అడోబీ, యాపిల్, కొడాక్, మైక్రోసాఫ్ట్ వంటి ఎనిమిది కంపెనీలు కలిసి ఐసీసీ అనే సంఘం పెట్టుకుని, ప్రొఫైలు ఎలా రాయాలో ఒప్పందానికొచ్చాయి. క్రికెట్‌తో దీనికి సంబంధం లేదు. అప్పటిదాకా ఎవరి తెర వారిది, ఎవరి స్కానరు వారిది.

ఇక కొలతల సంగతి. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి ఎస్‌ఆర్‌జీబీ అనే కొలత ప్రతిపాదించాయి. ఆనాటి లావుపాటి గాజు మానిటర్లు ఏ రంగులు చూపించగలవో వాటినే హద్దుగా గీశారు. అందుకే అందులో చిక్కటి ఆకుపచ్చలూ, గాఢమైన ఎరుపులూ తక్కువ. ఆ గాజు మానిటర్లు పాత సామాన్ల బండ్లెక్కిపోయి చాలా ఏళ్ళయింది గానీ వాటి కొలత మాత్రం ఉండిపోయింది. చీటీ లేని ఫొటో దొరికితే దాన్ని ఎస్‌ఆర్‌జీబీ అనుకోవడం ఇప్పటికీ లోకాచారం. యాపిల్ కంపెనీ సినిమా హాళ్ళ డిజిటల్ ప్రొజెక్టర్ల కొలత నుంచి డిస్‌ప్లే పీ3 అనే ఇంకో కొలత తయారుచేసుకుని, 2016లో ఐఫోన్ 7 నుంచి ఫొటోలు తీయడమే ఆ కొలతలో తీయించడం మొదలుపెట్టింది. ఇది ఎస్‌ఆర్‌జీబీ కన్నా సుమారు పాతిక శాతం పెద్దది. పెరిగిన మేరలో ఎక్కువ భాగం ఎరుపు, ఆకుపచ్చల వైపే ఉంది. పట్టుచీరలు ఫొటో తీసేవాళ్ళకి ఇది కావలసిన మేరే.

ఇప్పుడు ధర్మవరం చీరలోంచి ఒక్క చుక్క పట్టుకుని దాని వెంట వెళ్దాం.

కుచ్చిళ్ళ దగ్గర వెలుగు పడిన చోట ఫోన్ 234, 51, 35 అని రాసుకుంది, పక్కన డిస్‌ప్లే పీ3 అని చీటీ పెట్టింది. ఫోన్ తెర ఆ చీటీ చదివి సరైన ఎరుపు చూపించింది. తర్వాత ఈ ఫొటో దారిలో ఏదో ఒక వెబ్‌సైటు గుండానో, ఫొటో సైజు తగ్గించే ఉచిత యాప్ గుండానో ప్రయాణించింది. సైజు తగ్గించే క్రమంలో ఆ యాప్ 'అనవసర సమాచారం' అంటూ తేదీ, ఊరు వివరాలతో పాటు ఈ చీటీని కూడా చించి పారేసింది. అంకెలు అలాగే ఉన్నాయి. ల్యాప్‌టాప్ వాటిని చూసింది, చీటీ లేదు కాబట్టి ఎస్‌ఆర్‌జీబీ అనుకుంది. ఎస్‌ఆర్‌జీబీ కొలతలో 234, 51, 35 అంటే పదును తగ్గిన, నారింజ వైపు తిరిగిన ఎరుపు. దుకాణదారు చూసిన ఇటుక రంగు అదే. ఫైలు పాడవలేదు, ఒక్క చుక్క కూడా చెరగలేదు. పొడుగు చెయ్యి మూరతో కొలిచిన దండని పొట్టి చెయ్యి మూరల్లో లెక్కేశారు, అంతే.

దీనికి వ్యతిరేకం కూడా జరుగుతుంది. ఎస్‌ఆర్‌జీబీలో ఉన్న ఫొటోని, చీటీలు చదవడం రాని ఒక ప్రోగ్రాము విశాలమైన రంగుల తెర మీద నేరుగా పెడుతుంది. అప్పుడు 255 అన్నచోటల్లా ఆ తెర తన శక్తికొద్దీ వెలుగుతుంది. చీర మరీ ఎర్రబడుతుంది, కట్టుకున్న మనిషి బుగ్గలు ఎండదెబ్బ తగిలినట్టు కందిపోతాయి. ఆండ్రాయిడ్ ఫోన్లలో వ్యవస్థ స్థాయిలో ప్రొఫైళ్ళు చదివే ఏర్పాటు 2017లో, ఎనిమిదో వెర్షన్‌తో గానీ రాలేదు. విండోస్‌లో ఇప్పటికీ కొన్ని ప్రోగ్రాములు చదువుతాయి, కొన్ని చదవవు.

ఈ రెండు దోషాలకూ మందు ఒక్కటే. అంకెలకు చీటీ అంటించి పంపడం, లేదా అంకెలనే అవతలివాడి కొలతలోకి మార్చి పంపడం. ఫొటోషాప్‌లో Edit మెనూ కింద ఈ రెండు పనులకీ రెండు వరసలుంటాయి. `Assign Profile` అంటే చీటీ మార్చడం. అంకెలు కదలవు, కనిపించే రంగు మారుతుంది. `Convert to Profile` అంటే లెక్క మార్చడం. కనిపించే రంగు వీలైనంత వరకు కదలదు, అంకెలు మారతాయి. ముందు పాత కొలత నుంచి ల్యాబ్‌లోకి, అక్కడి నుంచి కొత్త కొలతలోకి లెక్క నడుస్తుంది. మన చుక్క 234, 51, 35 కాస్తా 255, 0, 0 అయి బయటికి వస్తుంది. చీటీ పోయిన ఫొటో చేతికొస్తే, అది ఐఫోన్‌దని తెలిస్తే, మొదట `Assign Profile` తో డిస్‌ప్లే పీ3 అని అంటించాలి. పోయిన ఎరుపు అక్కడికక్కడే తిరిగొస్తుంది. ఆ తర్వాతే `Convert to Profile` తో ఎస్‌ఆర్‌జీబీ చేయాలి. ఈ రెండింటినీ తారుమారు చేసేవాళ్ళు చాలామంది. చీటీ పోయిన ఫొటోకి అడ్జస్ట్‌మెంట్ల పట్టీలు జరుపుతూ 'సాచురేషన్' పెంచేవాళ్ళు ఇంకా ఎక్కువమంది. ఎరుపు సరిపోయేదాకా జరిపితే ఈలోపు ముఖాలు చెడిపోతాయి.

ఫైలుకి చీటీ ఉందో లేదో చూడటం కష్టమేం కాదు. విండోస్‌లో ఫొటో మీద రైట్ క్లిక్ చేసి Properties, అందులో Details చూస్తే Color representation అనే వరస ఉంటుంది. ఐఫోన్ ఫొటోలకి అక్కడ Uncalibrated అని కనిపిస్తుంది. పేరు చూసి కంగారు పడనక్కర్లేదు, 'ఇది ఎస్‌ఆర్‌జీబీ కాదు' అని మాత్రమే దానర్థం. మ్యాక్‌లో ఫొటోని Preview లో తెరిచి Show Inspector నొక్కితే ప్రొఫైలు పేరే కనిపిస్తుంది. కమాండ్లు అలవాటున్నవాళ్ళు ఎక్సిఫ్‌టూల్ అనే ఉచిత పరికరంతో ఇలా అడగొచ్చు:

```
exiftool -ProfileDescription cheera.jpg
```

Display P3 అనో, ఇంకో పేరో జవాబొస్తే చీటీ ఉన్నట్టు. ఏమీ రాకపోతే లేనట్టు. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపితే ఫైలు యథాతథంగా వెళుతుంది, చీటీతో సహా.

మార్చడంలో ఒక నష్టం ఉంది. పీ3లోని అత్యంత గాఢమైన ఎరుపు ఎస్‌ఆర్‌జీబీ హద్దులకు బయట ఉంటుంది. లోపలికి తెస్తే అది కూడా 255, 0, 0 అవుతుంది, దానికంటే కొంచెం తక్కువ గాఢత ఉన్న ఎరుపు కూడా 255, 0, 0 అవుతుంది. రెండు రకాల ఎరుపులు ఒకటైపోయాయంటే, ఆ రెండింటి మధ్య ఉన్న మడత గీత పోయినట్టే. ఎర్రచీర ఫొటోల్లో కుచ్చిళ్ళు కనపడక, ఎర్ర కాగితం కత్తిరించి అంటించినట్టు ఉండేవి చూశారా? అందుకు ఎక్కువ భాగం ఇదే కారణం. ముందే ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించి తీస్తే ఈ బెడద చాలావరకు తగ్గుతుంది.

ఫైలు సరిగ్గానే ఉన్నా తెరలు తమ వేషాలు తాము వేస్తాయి. తక్కువ ధర ల్యాప్‌టాప్‌ల వివరాల్లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని రాసి ఉంటుంది. అది టీవీల పాత కొలత. ఎస్‌ఆర్‌జీబీ మొత్తం అందులో 72 శాతం. అంటే ఆ తెర ఎస్‌ఆర్‌జీబీలో మూడింట రెండు వంతులకు మించి చూపించలేదు. ఎన్ని చీటీలు అంటించినా ఆ తెర మీద మిరపపండు ఎరుపు పుట్టదు. మరోవైపు డాలస్‌లో కొనుగోలుదారు ఫోను శాంసంగ్ అయి, అందులో Vivid అనే మోడ్ పెట్టి ఉంటే రంగులు కావాలనే సాగదీసి ఉంటాయి. Natural అనే మోడ్‌లో అవి ఒళ్ళు దగ్గర పెట్టుకుంటాయి. ఐఫోన్లో True Tone గది వెలుగుని బట్టి తెలుపుని మారుస్తుంది, Night Shift రాత్రిళ్ళు అంతటికీ పసుపు పూస్తుంది. రంగు నమ్మి వేలు పోసి చీర కొనేవాళ్ళు కొనేముందు ఈ రెండూ ఆపుకుని చూడటం మంచిది.

జరీ మెరుపుది ఇంకో కథ. కొత్త ఫోన్లు ఫొటో లోపల గెయిన్ మ్యాప్ అనే రెండో పొర దాస్తాయి. ఏ చుక్క మామూలు తెలుపు కన్నా ఎంత ఎక్కువ వెలగాలో అందులో రాసి ఉంటుంది. ఆ పొర చదవగలిగిన తెర మీద కొంగులోని జరీ నిజంగానే తళుక్కుమంటుంది. ల్యాప్‌టాప్ ఆ పొర చదవకపోతే జరీ ఒట్టి పసుపుగా మిగులుతుంది. ఇక్కడ రంగు మారలేదు, వెలుగు మాత్రమే పోయింది.

ఇక కాగితం దగ్గరికి వద్దాం. తెర వెలుగుని ఇస్తుంది, కాగితం తన మీద పడిన వెలుగులోంచి కొంత మింగి మిగతాది తిరిగిస్తుంది. సయాన్ సిరా ఎరుపు వెలుగుని మింగుతుంది, మెజెంటా సిరా ఆకుపచ్చని, పసుపు సిరా నీలాన్ని. చీకటి కోసం నలుపు. ఈ నాలుగు సిరాల శాతాలే ప్రెస్సు భాషలో రంగు. ఎరుపు అచ్చు వేయాలంటే మెజెంటా, పసుపు రెండూ దాదాపు నూరేసి వేస్తే చాలు, చీర ఎరుపు పరవాలేదనిపిస్తుంది. అసలు చిక్కు నీలంతో.

తెర మీది పూర్తి నీలం 0, 0, 255. ఫొటోషాప్‌లో చాలాచోట్ల మొదటి నుంచీ ఉండే అచ్చు ప్రొఫైల్ U.S. Web Coated (SWOP) v2 లోకి దీన్ని మారిస్తే సయాన్ 88, మెజెంటా 77 అని వస్తుంది. ల్యాబ్ లెక్కలో చూస్తే తెర నీలం నీలం వైపు 112 మెట్లు దూరంలో ఉంటుంది. నున్నటి ఆర్టు పేపరు మీద సయాన్, మెజెంటా రెండూ నూటికి నూరు దట్టించినా ఆ దూరం 46 దగ్గరే ఆగిపోతుంది. సగం కూడా లేదు. నిజమైన మెజెంటా సిరా ఆకుపచ్చ వెలుగుతో సరిపెట్టుకోక నీలంలోంచి కూడా కొంత మింగేస్తుంది, సయాన్ కూడా అంతే. మిగిలేది ముదురు ఊదా. పైగా 1976 నాటి ల్యాబ్ లెక్కలోనే నీలం వైపు ఒక వంకర ఉంది. రంగు జాతి మార్చకుండా గాఢత మాత్రమే తగ్గించానని లెక్క చెబుతుంది, కంటికి మాత్రం అది ఊదా వైపు జరిగినట్టు కనిపిస్తుంది. అందుకే అనుభవమున్న డీటీపీ ఆపరేటర్లు లెక్కని పూర్తిగా నమ్మకుండా, నీలాల్లో మెజెంటాని సయాన్ కన్నా కనీసం ముప్పై శాతం తక్కువ ఉండేలా చేత్తో సరిచేస్తారు. 100కి 70 వేస్తే అది ఆనంద నీలం కాదు గానీ, వంకాయ అయితే కాదు.

జరీకి ఈ నాలుగు సిరాల్లో జవాబే లేదు. లోహపు మెరుపు చూసే కోణాన్ని బట్టి మారుతుంది, సిరా చుక్కకి ఆ గుణం లేదు. శుభలేఖల మీద బంగారు అక్షరాలకి విడిగా రేకు ఎందుకు అద్దుతారో ఇందువల్లే. కేటలాగులో అంత ఖర్చు ఎవరూ పెట్టరు.

హద్దుకి బయట ఉన్న రంగుల్ని కాగితంలోకి దించడానికి రెండు దారులున్నాయి. హద్దులో ఉన్నవాటిని ఉన్నచోటే ఉంచి, బయట ఉన్నవాటిని మాత్రం హద్దు గీత మీదికి లాగడం ఒకటి. మెనూలో దీని పేరు Relative Colorimetric. ముఖాల రంగు చెడదు గానీ గాఢమైన పట్టు రంగుల్లో మడతలు అతుక్కుపోవచ్చు. అన్ని రంగుల్నీ వాటి మధ్య తేడాలు నిలిచేలా కొంచెం కొంచెంగా లోపలికి నొక్కడం రెండోది, Perceptual. ఫొటో మొత్తం రవ్వంత చప్పబడుతుంది, మడతలు బతుకుతాయి. పెళ్ళి ఫొటోకి మొదటిది, పట్టుచీర దగ్గరి ఫొటోకి రెండోది అన్నది నా అభిప్రాయం. రెండూ వేసి చూసి ఎంచుకోవడం అన్నిటికన్నా నయం.

కాగితానికి కూడా మూర ఉంది. 88, 77 అన్న అంకెలు నున్నటి ఆర్టు పేపరు మీద ఒక నీలం, న్యూస్‌ప్రింట్ మీద ఇంకో నీలం. న్యూస్‌ప్రింట్ సిరాని పీల్చుకుని చుక్కని పెద్దది చేస్తుంది, పైగా దాని ఒళ్ళే బూడిద రంగు. పత్రికల్లో ముఖచిత్రం మీద వెలిగిపోయిన ఫొటోనే లోపలి పేజీలో మసగ్గా ఉండటానికి ఇదే కారణం. ఎంత సిరా మోయగలదన్నది కూడా కాగితాన్ని బట్టే. నాలుగు సిరాల శాతాలు కలిపితే ఆర్టు పేపరు మూడొందల చిల్లర దాకా తట్టుకుంటుంది, న్యూస్‌ప్రింట్‌కి 240 దగ్గర గీత గీస్తారు. అది దాటితే సిరా ఆరక పైన పడ్డ కాగితం వీపుకి అంటుకుంటుంది. ముదురు మెరూన్ చీరల పేజీల్లో ఈ ప్రమాదం ఎక్కువ. ఇవన్నీ ప్రెస్సు ప్రొఫైల్లో రాసి ఉంటాయి. అందుకే అమెరికా వారి వెబ్ ఆఫ్‌సెట్ యంత్రాల కోసం చేసిన ప్రొఫైల్‌తో ఫైలు చేసి, విజయవాడలోనో శివకాశిలోనో షీటు యంత్రం మీద అచ్చు వేయించడం పరాయి చేతి మూరతో దండ కొనడమే. ప్రెస్సుని 'మీ కాగితానికి ఏ ప్రొఫైల్ వాడాలి' అని అడగాలి. చెప్పలేకపోతే ఎస్‌ఆర్‌జీబీ ఫొటోలే ఇచ్చి మార్చే పని వాళ్ళకే వదిలి, ఒక నమూనా పేజీ తీయించి చూసుకోవడం మేలు. ప్రొఫైల్ దొరికితే ఫొటోషాప్‌లో View కింద Proof Setup లో దాన్ని ఎంచుకుని Ctrl, Y నొక్కాలి. తెర మీదే కాగితం రంగులు కనిపిస్తాయి. నీలం అంచు చచ్చిపోవడం అక్కడే చూడొచ్చు, అచ్చు ఖర్చు కాకముందే.

'అచ్చు నల్లగా వచ్చింది' అన్న ఫిర్యాదుకి మాత్రం ప్రొఫైళ్ళతో పని లేదు. అది చిన్న లెక్క. వెలుగుని నిట్‌లలో కొలుస్తారు. ఫోన్ తెర బాగా వెలిగితే గదిలోనే 400, 500 నిట్‌లు ఇస్తుంది. కాగితం తెలుపు ఎంత వెలుగుతుందంటే, దాని మీద పడే వెలుగు లక్స్‌లలో తీసుకుని, కాగితం తిప్పి పంపే వంతుతో హెచ్చించి, 3.14తో భాగించాలి. రాత్రిపూట హాల్లో 150 లక్స్ ఉందనుకుందాం. కాగితం అందులో 85 శాతం తిప్పి పంపుతుందనుకుందాం. లెక్కేస్తే వచ్చేది 40 నిట్‌లు. ఫోన్లో పదోవంతు. ఫోన్ పక్కన పెట్టి చూస్తే ఏ కేటలాగైనా నల్లగానే ఉంటుంది. డిజైన్ చేసేవాళ్ళు మానిటర్ వెలుగుని 100 నుంచి 120 నిట్‌ల మధ్యకి దించుకుని పనిచేసేది ఇందుకే. తెర మరీ వెలుగుతుంటే ఫొటో తేటగా ఉందన్న భ్రమతో దాన్ని నల్లగానే వదిలేస్తారు. ఆ వెలుగునీ, తెర రంగుల్నీ కొలవడానికి తెర మీద ఆనించే కలరీమీటర్ అనే చిన్న పరికరం దొరుకుతుంది. అది తెర కొలత తీసి, ఆ తెరకే ఒక ప్రొఫైల్ రాసిపెడుతుంది.

కాగితాన్ని ఏ దీపం కింద చూస్తున్నామన్నదీ ముఖ్యమే. అచ్చు పరిశ్రమలో రంగు సరిచూసేది 5000 కెల్విన్ పగటి వెలుగులాంటి దీపం కింద. ఇళ్ళలో వాడే చవక ఎల్‌ఈడీ బల్బు అట్టపెట్టె మీద సీఆర్ఐ 80 అని ఉంటుంది. అది ఎనిమిది లేత రంగుల సగటు మార్కు. గాఢమైన ఎరుపు తొమ్మిదో పరీక్ష, దాన్ని ఆ సగటులో కలపరు. 80 మార్కుల బల్బులు ఆ తొమ్మిదో పరీక్షలో సున్నా దగ్గర తేలడం మామూలే. ఆ బల్బు కింద అచ్చు ఎరుపే కాదు, అసలు చీర ఎరుపు కూడా చచ్చినట్టు ఉంటుంది. పట్టుచీరని దుకాణం గుమ్మం దాకా తెచ్చి పగటి వెలుగులో చూపించమని అడిగే పెద్దవాళ్ళకి ఈ పరీక్ష పేరు తెలియకపోవచ్చు, సంగతి తెలుసు.

మరి తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోవడం ఎలా? ఒకే ఫైలుని ఒకే ల్యాప్‌టాప్‌లో రెండు ప్రోగ్రాముల్లో పక్కపక్కన తెరవండి. రెండూ వేరుగా కనిపిస్తే దోషం తెరది కాదు, ఒకటి చీటీ చదువుతోంది, ఒకటి చదవడం లేదు. రెండూ ఒకేలా తప్పుగా ఉంటే అదే ఫోన్‌తో తీసిన వేరే ఫొటోలు తెరిచి చూడండి. అవి బాగుండి ఇదొక్కటే పాలిపోయి ఉంటే దీని చీటీ పోయింది. అన్నీ ఒకేలా ఉంటే తెరని అనుమానించాలి. అచ్చు విషయంలో అయితే కేటలాగుని పగలు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూడాలి. అక్కడ బాగుంటే ఇంట్లో దీపం మార్చుకోవాలి. అక్కడ కూడా ఎరుపు బాగుండి నీలం ఒక్కటే చెడితే అది సిరాల హద్దు. రంగులన్నీ కలిసి ఒకే వైపుకి, ఎర్రగానో పచ్చగానో జరిగితే అప్పుడు ప్రెస్సుకి ఫోన్ చేయొచ్చు.

వీటన్నిటికీ లొంగని చీర ఒకటుంది. నెమలికంఠం. నిలువు దారం ఒక రంగు, అడ్డం దారం ఇంకో రంగు. ఒక పక్క నుంచి చూస్తే నీలం, కాస్త తిప్పితే ఆకుపచ్చ. ప్రొఫైల్ ఎంత కచ్చితంగా ఉన్నా ఒక చుక్కకి ఒకే రంగు రాయగలదు, ఈ చీరలో ఒక్కో చోటా రెండేసి రంగులున్నాయి. ఏ కోణంలో ఫొటో తీశారో ఆ ఒక్క రంగే డాలస్ చేరుతుంది. ఇలాంటి చీరకి ఫొటో కన్నా, కిటికీ పక్కన కొంగుని మెల్లగా తిప్పుతూ తీసిన పది సెకన్ల వీడియో నయం. కేటలాగులో అయితే రెండు కోణాల్లో తీసిన రెండు ఫొటోలు పక్కపక్కన వేయడం తప్ప వేరే దారి లేదు.